నరహరి లేని మైకు

సిద్దిపేటల మా వార్డుల ఏ పోటీ పెట్టినా పద్దెనిమిదేండ్ల సంది మైకు నరహరిదే. ఈసారి బతుకమ్మల పోటీకి మైకు శ్రీజ అనే కాలేజీ పిల్లకిచ్చిన్రు. నరహరి ముందు వరుసల కూసుండి విన్నడు. జడ్జీల గొప్పలు ఆయన అరగంట చదివేటోడు. ఆమె ఒక్కొక్కరికి ఒక్క మాటతోనే సరిపెట్టింది.

"సుచిత్ర మేడం డ్రాయింగ్ టీచరు. నాలుగో నంబరు అక్క ఆమెకు చుట్టం. గందుకే ఆ బతుకమ్మకు మేడం మార్కులెయ్యరు, మిగిలిన ఇద్దరి సగటే తీసుకుంటం. టైము గంట. కాగితం పూలు పెట్టొద్దు. ఎత్తుకు మార్కుల్లేవు, పేర్పుకు, రంగులకే. అడిగేది ఉంటే ఇప్పుడే అడగున్రి."

"గిదేం పరిచయం? ఇంట్ల చెప్పినట్టున్నది" అని నరహరి గొణిగిండు.

అప్పుడే ఒకామె లేచింది. "తంగేడు తక్కువైతే మార్కులు కోస్తరా?"

"కొయ్యరక్కా."

అడిగింది నరహరి భార్య భాగ్య. తొమ్మిదేండ్ల సంది ఈ పోటీకి వస్తుంది, ఏనాడూ నోరు తెరవలే.

పోటీ అయినంక బండి మీద ఇంటికి పోతుంటే నరహరి కొంచెం సంబరంగనే అన్నడు. "ఆ పిల్ల మైకు పట్టినా నీకు ప్రైజు రాలే గదా."

"రాలే" అన్నది భాగ్య. "ఎందుకు రాలేదో ఈసారే నాకు ఎరుకైంది."