మధ్యలో సున్నాలు

ఆ సాయంత్రానికి నా గొంతు పోయింది. ఓపిక అంతకు ముందే పోయింది. కంకిపాడు దగ్గర బళ్ళో నాలుగో తరగతికి లెక్కలు చెబుతాను. అందరూ ఇళ్ళకెళ్ళిపోయాక నా ఎదురుగా ఒక్క పిల్ల మిగిలింది. వెయ్యిలోంచి మూడు వందల నలభై ఏడు తీసెయ్యమంటే, ఎన్నిసార్లు చెప్పినా ఏడు వందల అరవై మూడే వేస్తోంది.

పోయిన పరీక్షలో ఇలాంటి లెక్కలే తప్పాయని దాన్ని మూడో తరగతి పిల్లల్లో కూర్చోబెట్టారు. దాని నేస్తమేమో ఇటు, మా నాలుగో తరగతి వరసలో ఉంది. రేపు మళ్ళీ పరీక్ష. తప్పితే ఈ ఏడాదంతా అక్కడే. ఆ బెంగతో పిల్ల మధ్యాహ్నం అన్నం కూడా ముట్టలేదు.

"వెయ్యి దగ్గర్నుంచి అప్పు తెచ్చాం కదా. మధ్యలో సున్నాలు ఎంతవుతాయి?"

"పది టీచర్."

"తొమ్మిదే తల్లీ, తొమ్మిది! నా ప్రాణం తియ్యకు."

కళ్ళనిండా నీళ్ళు తెచ్చుకుంది కానీ మాట మార్చలేదు. "మా అమ్మ పెరుగు తోడుకి పంపిస్తే, పక్కింట్లో లేకపోతే ఆ అవతలింటికి పోతాను. పక్కింటోళ్ళకేం తగ్గదుగా టీచర్. వాళ్ళేం ఇవ్వలేదుగా."

ఓరి దేవుడా! ఇన్నాళ్ళూ ఇది సున్నాలను దాటుకుంటూ, ప్రతి అంకెకీ వెయ్యి ఉన్న పెద్దింటికే వెళ్ళి తలో పదీ తెస్తోందన్నమాట. నవ్వడానికి కూడా శక్తి లేదు నాకు.

"సరే, నీకొచ్చినదానికి మూడు వందల నలభై ఏడు తిరిగి కలుపు."

కలిపింది. వెయ్యి నూట పది వచ్చింది. బిక్కమొహం వేసింది.

"పెద్దింట్లో ఉన్నది వెయ్యే. ఆ నూట పదీ ఎవరిచ్చారే?"

"ఎవరూ ఇవ్వలేదు టీచర్," అంది, దొంగతనం బయటపడ్డట్టు.

చీపురుపుల్లల సంచీ బల్లమీద గుమ్మరించాను. వెయ్యి పుల్లలు, వందేసి చొప్పున పది కట్టలు. "ఇందులోంచి నువ్వే తియ్యి."

ఒక వంద కట్ట పక్కకు పెట్టింది. ఇక్కడ తొమ్మిది మిగిలాయి. పక్కకు పెట్టినదాన్ని విప్పితే పది చిన్నకట్టలు. అందులోంచి ఒకటి తీస్తే అక్కడా తొమ్మిది. ఆ ఒక్కటీ విప్పితే పది పుల్లలు.

"అవతలింటోళ్ళు పక్కింటోళ్ళ చేతికే ఇచ్చారా టీచర్? పక్కింటోళ్ళు విప్పి నాకో కట్ట ఇచ్చారా?"

"అంతేనే."

పదిలోంచి ఏడు, తొమ్మిదిలోంచి నాలుగు, తొమ్మిదిలోంచి మూడు. ఆరు వందల యాభై మూడు. నేను చెప్పకుండానే తిరిగి కలిపి చూసుకుంది. సరిగ్గా వెయ్యి.

ఈలోపు నా బస్సు వెళ్ళిపోయింది. కాళ్ళు లాగుతున్నాయి. పుల్లలు కట్టలు కట్టే ఓపిక లేక కుర్చీలో కూలబడ్డాను. ఆ పిల్ల తన పుస్తకాల సంచీ తీసుకుని, ఖాళీ తరగతిలో నేస్తం కూర్చునే చోటు పక్కన జరిగి కూర్చుంది.

"రేపట్నుంచి ఇక్కడే కదా టీచర్?"

"ఇక్కడేనమ్మా," అన్నాను.