వడ్డీ లేదన్న వాయిదాలు

మా అక్కది కొడకండ్ల. పదకొండేళ్లుగా కాలితో తొక్కే మిషను మీద జాకెట్లు కుట్టి ఇద్దరు ఆడపిల్లలను చదివిస్తోంది. ఆ ఏడు వాళ్ల మహిళా సంఘానికి బడిపిల్లల యూనిఫారాలు కుట్టే పని వచ్చింది. కాలి మిషనుతో గడువులోగా అన్ని జతలు కుట్టడం అయ్యే పని కాదు. కరెంటు మిషను ఒకటి, బట్ట అంచులు పోగులు లేవకుండా కొట్టే ఓవర్‌లాక్ మిషను ఒకటి కావాలంది. సంఘంలో తీసుకున్న పాత అప్పుకు ఇంకా మూడు కిస్తులు మిగిలి ఉన్నాయి, అవి తీరితే గాని కొత్త అప్పు ఇవ్వరు.

నేను నెల్లికుదురులో బడిపంతులమ్మను, కాపురం తొర్రూరులో. నాకు క్రెడిట్ కార్డు ఉంది. ఆదివారం ఇద్దరం వరంగల్ వెళ్లి రెండు మిషన్లూ తీసుకున్నాం. ముప్పై ఆరు వేలు కార్డు గీకాను. బిల్లు వచ్చాక పొదుపు డబ్బుల్లోంచి కట్టేసి, అక్క దగ్గర మెల్లగా తీసుకోవచ్చులే అనుకున్నాను.

మంగళవారం మధ్యాహ్నం, బడిలో పిల్లలు భోజనానికి కూర్చున్న వేళ ఫోను వచ్చింది. కార్డు వాళ్ల తరఫు నుంచట. ఆడగొంతు, గబగబా మాట్లాడే తెలుగు.

"మేడమ్, మీరు మొన్న చేసిన ముప్పై ఆరు వేల కొనుగోలును వాయిదాల్లోకి మార్చుకోవచ్చండి. పన్నెండు నెలలు. నెలకు మూడు వేలండి."

"వడ్డీ ఎంత?" అని అడిగాను. ఆ ప్రశ్న అడిగానన్నది నాకు బాగా గుర్తు.

"ఇది నో కాస్ట్ ఈఎంఐ మేడమ్. వడ్డీ ఉండదండి. ఓకే అంటే చాలు."

ఓకే అన్నాను. వెంటనే ఇంగ్లీషులో పొడుగాటి మెసేజ్ వచ్చింది. పప్పు చాలలేదని వంటామె పిలుస్తోంది. మొదటి వాక్యంలో పన్నెండు నెలలు అని కనబడింది, మూసేశాను. అది నా తప్పే. ఆ తప్పు గురించి తరువాత చాలామంది చాలాసార్లు నాకు గుర్తుచేశారు.

సాయంత్రం అక్కకు ఫోన్ చేసి చెప్పాను. నెలకు మూడు వేలు, వడ్డీ లేదు, సంవత్సరంలో తీరిపోతుంది అని. అక్క లెక్క సరిచూసుకుంది. "పన్నెండు మూళ్లు ముప్పై ఆరు. మంచిగుంది చెల్లె. నెల నెల ఒకటో తారీకు నీకు పంపుత," అంది.

రెండు వారాలకు స్టేట్‌మెంటు వచ్చింది. కట్టాల్సింది 3,941 రూపాయల 55 పైసలు అని ఉంది. మూడు వేలు ఎక్కడ, ఈ అంకె ఎక్కడ? ఇంకెవరో నా కార్డు వాడారేమో అని భయపడి వివరాల పేజీ తెరిచాను. మొదట మిషన్ల కొట్టు పేరున 36,000. కింద అంతే మొత్తం జమ అని ఉంది. అది చూసి ఒక్క క్షణం డబ్బు వాపసు వచ్చిందేమో అనుకున్నాను. కాదు, కొన్న మొత్తాన్ని అక్కడ తీసేసి వాయిదాల ఖాతాలో వేశారన్నమాట. ఆ కింద అయిదు వరుసలు. వాయిదాలో అసలు 2,786.33. వడ్డీ 480. వడ్డీ మీద పన్ను 86.40. ప్రాసెసింగ్ ఫీజు 499. ఆ ఫీజు మీద పన్ను 89.82.

వడ్డీ అన్న మాట అక్కడ అచ్చై ఉంది. ఆ మెసేజ్ వెతికి ఇప్పుడు చివరిదాకా చదివాను. ఏడాదికి పదహారు శాతం, నెలకు 3,266.33, పన్నులు అదనం. ఫోనులో చెప్పిన మాటకూ ఆ మెసేజ్‌కూ ఎక్కడా పొంతన లేదు. కాగితం తీసి పన్నెండు నెలలకూ లెక్క వేశాను. అసలు తగ్గేకొద్దీ వడ్డీ తగ్గుతుంది, అయినా అన్నీ కలిపితే నాలుగు వేల మూడు వందల అరవై రూపాయలు ఎక్కువ కట్టాలి. అక్క కుట్టే జాకెట్ల లెక్కలో అది ఎన్ని రోజుల పనో నాకు తెలుసు. నాకు డబ్బు పోతున్నందుకు కాదు కడుపు మండింది. నా నోటితో మా అక్కకు అబద్ధం చెప్పించారు.

ఆ తేడా నేనే పెట్టుకుని ఊరుకుందామనుకున్నాను. కాని శనివారం కొడకండ్ల పోయినప్పుడు నా మొహం చూసి అక్క పసిగట్టింది. "ఏమైంది? ఫోన్ల ఏం జూస్తున్నవు గట్ల?" అంది. చెప్పాను. మిషను ఆపి పక్కన కూర్చుంది. "ఒక్కొక్క లైను సదువు. తెలుగుల చెప్పు," అంది.

చదివాను. ప్రాసెసింగ్ ఫీజు దగ్గర ఆపింది. "గిదేంది?"

"వాయిదాల్లోకి మార్చినందుకు తీసుకునే రుసుము."

"మార్చుమని మనం వోయి అడిగినమా? వాళ్లే ఫోన్ చేసిన్రు గద."

"వాళ్లే చేశారు."

"వాళ్లు పిలిచి, వాళ్లు మార్చి, మన దగ్గర ఐదు నూర్లు తీసుకున్నరు. దాని మీద పన్నా?"

"అవును. వడ్డీ మీద కూడా."

"వడ్డీ తీస్కుంటే తీస్కోని," అంది అక్క. "ఊర్ల గూడ తీస్కుంటరు. గని లేదని చెప్పి తీస్కునుడు ఏంది? నేను జాకెట్‌కు నూటయాభై అని చెప్పి, కుట్టినంక దారానికి వేరే, గుండీలకు వేరే అంటే నా గడప తొక్కుతరా ఎవలన్న?" ఆపైన నన్ను చూసి అంది, "తేడా నువ్వు కట్టకు. నా మిషను, నేను కడుత. కాకపోతే అడుగు. ఊకోకు."

సోమవారం సెలవు పెట్టి తొర్రూరులో బ్యాంకు శాఖకు వెళ్లాను. కౌంటర్లో ఉన్నామె ఓపికగా స్టేట్‌మెంటు చూసింది. "కార్డుల విభాగం వేరే మేడమ్, మాకు మీ కార్డు ఖాతా కనిపించనే కనిపించదు," అంది. నేను లేచే లోపల గొంతు తగ్గించి, "ఫోను రికార్డింగు అడగండి. వడ్డీ ఉన్న వాయిదాలను వడ్డీ లేనివని చెప్పకూడదని బ్యాంకులన్నిటికీ ఆదేశముంది. రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. అందాక బిల్లు మాత్రం ఆపకండి, ఆపితే ఆలస్య రుసుము కూడా పడుతుంది," అంది. ఆ వారమంతటిలో నాతో నిజం చెప్పిన బ్యాంకు మనిషి ఆమె ఒక్కతే.

ఇంటికొచ్చి కార్డు వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేశాను. ఎన్నో మీటలు నొక్కాక ఒకాయన దొరికాడు. కోపంలో నాకు ఇంటి భాషే వస్తుంది. "వడ్డీ లేదని మీరే చెప్పిన్రు, ఇప్పుడు వడ్డీ ఎట్ల ఏసిన్రు?" అన్నాను.

"మేడమ్, కొంచెం క్లియర్‌గా, మంచి తెలుగులో చెప్తారా?" అన్నాడు.

ఇరవై ఏళ్లుగా పిల్లలకు తెలుగు చెబుతున్నాను. "నేను మాట్లాడేది తెలుగే," అన్నాను. "మీకు అర్థమైంది కూడ. జవాబు చెప్పండి."

జవాబు ఒకటే. మీరు ఒప్పుకున్నారు, మెసేజ్ పంపాం. రద్దు చేయమన్నాను. ముందుగా తీర్చేస్తే మిగిలిన అసలు మీద మూడు శాతం రుసుము, దాని మీద పన్ను అన్నాడు. వాళ్లు చెప్పిన అబద్ధం నుంచి బయటపడడానికి కూడా నేనే కట్టాలన్నమాట.

బిల్లు మొత్తం కట్టి, ఫిర్యాదుల అధికారికి ఉత్తరం రాశాను. ఏ రోజు, ఏ వేళకు ఫోను వచ్చిందో, నేనేం అడిగానో, ఆమె ఏం చెప్పిందో రాసి, ఆ రికార్డింగు వినిపించమన్నాను. వారానికి జవాబు వచ్చింది. నియమాల ప్రకారమే జరిగిందని, నాకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామని. రికార్డింగు ఊసే లేదు. అదే ఉత్తరం మళ్లీ పంపాను. ముప్పై రోజుల్లో తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేస్తానని కింద చేర్చాను.

ఈలోగా రెండో బిల్లు వచ్చింది. వడ్డీ 442.85, పన్ను 79.71. అదీ కట్టాను. అక్క ఒకటో తారీకున మూడు వేల మూడు వందల నలభై ఆరు పంపింది, మూడు వేలు చాలంటే వినలేదు.

ఆ తరువాత ఒక పెద్ద అధికారి అంటూ ఫోను వచ్చింది. "మేడమ్, మీరు మా విలువైన కస్టమర్ కాబట్టి, సద్భావనతో ప్రాసెసింగ్ ఫీజు, దాని పన్ను వాపసు చేస్తున్నాం."

"రికార్డింగు విన్నారా?" అన్నాను.

"విన్నాం మేడమ్."

"అందులో వడ్డీ లేదని ఉందా, ఉందనా?"

"అది మా అంతర్గత విషయం మేడమ్."

"నా చెవిలో చెప్పిన మాట మీ అంతర్గత విషయం ఎట్లయితది? లేదని ఉంటే మొత్తం రద్దు చేయండి. ఉందని ఉంటే నాకు వినిపించండి, క్షమాపణ చెబుతాను. మీ సద్భావన నాకొద్దు."

ఆయన చూసి చెబుతామని పెట్టేశాడు.

గడువుకు రెండు రోజుల ముందు మెయిల్ వచ్చింది. వాయిదాలు రద్దు. వేసిన వడ్డీ, ఫీజు, పన్నులు అన్నీ కలిపి 1,677 రూపాయల 78 పైసలు జమ. ముందుగా తీర్చే రుసుము లేదు. ఎవరు తప్పు చేశారన్నది ఒక్క మాట లేదు. "ప్రత్యేక సందర్భంగా పరిగణించి" అని మాత్రం ఉంది. దాన్ని రెండుసార్లు చదివి, గెలిచినందుకు సంతోషించలేకపోయాను. రాయడం రాని వాళ్లు, సెలవు పెట్టలేని వాళ్లు, అదే గొంతుకు ఓకే అన్న వాళ్లు ఎంతమంది నెల నెలా కడుతున్నారో అనిపించింది.

రద్దు అయిందంటే మిగిలిన అసలు 30,390 రూపాయలూ ఒకేసారి తరువాతి బిల్లులోకి వచ్చిపడింది. జమ పోను ఇరవై ఎనిమిది వేల ఏడు వందల పైచిలుకు. అక్కకు ఫోన్ చేసి, నా పొదుపు తీసి కడతానన్నాను.

"వద్దు చెల్లె. పాత కిస్తులు తీరినయి. రేపు సంఘం మీటింగుల అడుగుత," అంది. "రూపాయి వడ్డీ అని మొదలే చెప్తరు. పుస్తకంల రాస్తరు. కట్టలేకపోతే మొహం మీదనే అడుగుతరు."

ఆ వారంలోనే సంఘం అప్పు ఇచ్చింది. డబ్బు నా ఖాతాలో వేసిన రోజు అక్క గొంతులో అలసట వినబడింది. రెండు వందల జతలు కుట్టి అప్పజెప్పామంది. మిగతా జతలకు ఇంకా కాజాలు వేసే పని ఉందని ఫోను పెట్టేసింది. నేను కార్డు బిల్లు పైసలతో సహా కట్టి, ఖాతాలో బాకీ సున్నా అని చూపించే పేజీని ముద్రించుకుని, రెండు ఉత్తరాలతో కలిపి ఫైలులో పెట్టాను.