శుక్రవారం జరిమానా

ఉదయం పదకొండున్నరకు నరసన్నపేటలో బడి ఫీజుల కౌంటర్ ముందు నిలబడి మా ఆయన, మా చిన్నమ్మాయి రెండో వాయిదా రసీదు చదువుతున్నారు. ఏడాది ఫీజు ఇరవై నాలుగు వేలు, మూడు సమాన వాయిదాలు. చివరిది కట్టడానికి మా చేతిలో ఉన్నవి ఆరు వేలే. రసీదులో బాకీ ఎనిమిది వేల వంద అని ఉంది.

"ఏటమ్మా, పెద్దది కూడా ఇక్కడే సదువుతున్నాది కదా. రెండో పిల్లకి పది శాతం తగ్గిస్తామన్నారు, ఏదీ?" అన్నారు.

గుమస్తా అమ్మాయి కంప్యూటర్‌లో చూసి, రాయితీ ఎక్కించడం మరిచామంది. రెండు వేల నాలుగు వందలు తగ్గి, బాకీ ఐదు వేల ఏడు వందలైంది.

"మరి ఈ వందేటి?"

"లేటు ఫైను బాబూ. రెండో వాయిదా గడువు శుక్రవారం, మీరు శనివారం కట్టారు."

ఆయన నా వైపు తిరిగారు. శుక్రవారం ఇంట్లోంచి డబ్బు బయటకు వెళ్లకూడదని ఆపింది నేనే.

"ఉంచీయమ్మా. మా ఇంటి లచ్చిందేవి ఖర్చది," అన్నారు. ఆ అమ్మాయి నవ్వింది.

ఆయన పోయాక ఫీజులు నేనే కడుతున్నాను. గడువు శుక్రవారం పడితే శుక్రవారమే కట్టేస్తాను. మా ఇంట్లో ఇప్పుడు ఆ పట్టింపు లేదు.