పుర్రె బొమ్మ, బొటనవేలు, ఒక ముహూర్తపు చీర

2023లో, ఆవణి మాసపు పెళ్ళి ముహూర్తాలకు నెల ముందు జరిగిన సంగతి. కోయంబత్తూరులో మాది మూడు తరాల పట్టుచీరల కొట్టు. గల్లాపెట్టె పక్కన పెరిగినదాన్ని కాబట్టి, ఎదుటివారి కనుబొమ్మ కదలిక చూసి బేరం తెగుతుందో లేదో చెప్పగలనని నాకు పొగరు. ఆ పొగరు ఫోన్లో పనిచేయదు. ఒకావిడకు ధర పంపితే దణ్ణం ఎమోజీ బొమ్మ పెట్టింది. ఒప్పుకుందనుకుని రెండు వారాలు చీర దాచాను. ఆవిడ ఉద్దేశం ‘నన్నొదిలెయ్యి తల్లీ’ అని తరువాత తెలిసింది.

ఇక్కడి మా తెలుగువాళ్ళ ఇళ్ళలో ముహూర్తపు చీర మగపెళ్ళివారిది, ఎంపిక పెళ్ళికూతురిది. పెళ్ళికొడుకు వేరే ఊళ్ళో ఉంటే ఫోటో వెళుతుంది; జవాబు వచ్చేదాకా ఆ చీరను ఇంకొకరికి చూపించం. దీన్నే ‘హోల్డ్’ అంటాం.

ఒకరోజు పెళ్ళికూతురు హరిణి వాళ్ళమ్మతో వచ్చింది. ఇక్కడే సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని. పెళ్ళికొడుకు గోకుల్‌ది మధురైలో పప్పుల మండీ. లక్క రంగు చీర కప్పుకుని ఫోటో పంపింది. బొటనవేలు బొమ్మ వచ్చింది. నెమలిపచ్చది కప్పుకుంది, దాని ధర రెండింతలు. ‘ఎప్పడి ఇరుక్కు డా’, ఎలా ఉందిరా అని అరవంలో రాసి పంపింది. మళ్ళీ బొటనవేలు.

హరిణి చీర తీసి బల్లమీద పెట్టింది. “వద్దంగ అక్కా,” అంది, మా ఊరి మర్యాదకు ‘ంగ’ తగిలించి. “చీరా వద్దు, పెళ్ళీ వద్దు.”

వాళ్ళమ్మ కూలబడింది. “ఏందే ఇది, పత్రికలు అచ్చుకు పోయినాయి.”

“వేలు చూపిస్తాడమ్మా, మూటలు దించేవాడికి చూపించినట్టు. నేనేమన్నా కందిపప్పా? ఇంతకుముందు ‘chlm’ అని రాస్తే ఏమడిగినాడో తెలుసా అక్కా? ‘ఏ చలాన్?’ అని.”

చెల్లమ్‌కు, అంటే ‘బంగారం’ లాంటి అరవ ముద్దుమాటకు, అది పొట్టిరూపమని నాకూ అప్పుడే తెలిసింది. తెలిసినట్టే తలాడించాను.

బిల్లు గోకుల్ పేరు మీద కాబట్టి నంబరు నా దగ్గరుంది. రంగు ఖాయం చేసుకునే నెపంతో ఫోన్ చేశాను.

“అక్కా, ఆమెకు ఏది ఇష్టమో అదే తీసుకోనీ,” అన్నాడు. “అసలు ఆమెకు నేనే ఇష్టం లేదేమో. ఈ రోజే మా నాయనతో చెప్పి నిలిపేద్దామనుకుంటా ఉండా.”

“ఎందుకప్పా?”

“మా అవ్వ ఆమె ఫోటోను దేవుడి పటాల మధ్య పెట్టిందని నిన్న రాసినా. దానికి ‘పోడా’ అని, బోరున ఏడ్చే ముఖాలు మూడు, పుర్రె ఒకటి పంపింది. పటాల పక్కన పెడితే అపశకునమని ఏడ్చిందేమో. బలవంతం చేయకూడదని అప్పట్నుంచి వేలు మాత్రమే పెడతా ఉండా.”

“ఆ పిల్ల పక్కనే ఉంది. స్పీకర్లో పెట్టనా?”

వెనక మూటల లెక్క చెబుతున్నవాణ్ణి ఆగమన్నాడు. తరువాత, “సరి,” అన్నాడు.

హరిణి ఫోన్ దగ్గరకు వంగింది. “ఏడ్చింది కాదు, నవ్వినా. కళ్ళనీళ్ళొచ్చేటట్టు నవ్వితే ఆ ముఖం పెడతాం. పుర్రె అంటే నవ్వి నవ్వి చచ్చినానని. ఆఫీసులో అందరమూ అంతే.”

“మండీలో పుర్రె ఎవరూ పంపరు,” అన్నాడు. “మరి ఫోన్లో ‘మీరు’ అంటావు, మెసేజీలో ‘డా’ అంటావు. నాకు ఏది నిజం?”

“తెలుగులో ‘రా’ అంటే అమ్మ చంపేస్తుంది. అరవంలో ‘డా’ అంటే దగ్గరితనం. అందరినీ అనను.” వాళ్ళమ్మ చీరల బీరువా వైపు తిరిగి చూడసాగింది. హరిణే మళ్ళీ అడిగింది, “మీరేంటికి ఉత్త వేలు పెడతారు?”

ఇక్కడ నేను దూరాను. మండీవాళ్ళు నాకు తెలుసు. ధర కుదిరాక వేలు పెడితే ఆ మాట మీద లారీ బయలుదేరుతుంది. ఆ తరువాత వెనక్కి పోయినవాడితో ఎవరూ వ్యాపారం చేయరు. బలవంతం చేయకూడదన్న అతడి మాటా, ఈ మండీ మాటా చెప్పాను.

“అది మూటలకు సరేనక్కా,” అంది హరిణి. “నాకు ఒక మాట కావాల.”

ఫోన్ పెట్టేశాక పది నిమిషాలకు హరిణికి గోకుల్ మెసేజీ వచ్చింది. తెలుగే, ఇంగ్లీషు అక్షరాల్లో: ‘నీ మొదటి ఫోటో చూసినాక మండీలో ముగ్గురు పప్పు రేటు అడిగినారు. ఒకరికీ సరిగ్గా చెప్పలేకపోయినా.’ బొమ్మ ఏదీ లేదు. హరిణి రెండుసార్లు చదివింది, ఫోన్ వాళ్ళమ్మకు ఇవ్వలేదు.

మొదటి ఫోటో అంటే లక్క రంగు; హరిణి అదే తీసుకుంది. నెమలిపచ్చ బేరం నా చేతులారా నేనే పోగొట్టుకున్నాను.

ఆ జంట నాకు నేర్పింది ఇది. ఒకే బొమ్మ మండీలో మాట ఇచ్చినట్టు, ఆఫీసులో మాట తుంచినట్టు. ఏ వీధిలో ఏ అర్థమో నిఘంటువు లేదు, అడగాల్సిందే. ముఖాలు చదివే నాలాంటివాళ్ళకు అడగడం నామోషీ. అయినా ఇప్పుడు అడుగుతున్నాను. ఆ రోజే నేను హరిణి చీర మడత పెట్టేటప్పుడు ఆమె తడికళ్ళు చూసి, “నవ్వుతున్నావా, ఏడుస్తున్నావా?” అంటే, “రెండూనంగ,” అంది.