పగుళ్ళ కింద నూటికి ఇరవై అయిదు

కొమురెల్లి తన అరవై ఒక్క ఏళ్ళ జీవితంలో రాసిన ఉత్తరాలన్నీ సెలవు కోరినవే. ఓపెన్‌కాస్టు గనిలో బండను పేల్చే సెక్షన్లో ముప్పై నాలుగేళ్ళు పనిచేసినవాడికి మరో రాత అవసరం పడలేదు. కాబట్టి గోదావరిఖనిలోని టైల్సు దుకాణానికి కొటేషను కోరుతూ రాసిన ఉత్తరం సైతం 'తమరి దయగల ఉత్తర్వులకై వేచియుండు విధేయుడు' అనే ముగిసింది. దీనికి నవ్వేవారు నవ్వవచ్చు. చేతికి ఒకసారి అలవాటైన వినయం పదవీ విరమణతో పోయేది కాదు.

లెక్క మాత్రం వంక పెట్టడానికి వీల్లేనిది. కొత్త ఇంటి గోడలకు పూత పూర్తయ్యాకనే టేపు పట్టాడు. రెండో కొస భార్య సారలమ్మ పట్టుకుంది. హాలు పదహారుకు పన్నెండు, పడకగది పన్నెండుకు పది, వంటగది పదికి ఎనిమిది. వెరసి మూడువందల తొంభై రెండు చదరపు అడుగులు. గోడల అడుగున నాలుగంగుళాల పట్టీకి నలభై రెండు. రెండడుగుల పలక, జారనిది, ఒకే రంగు. సారలమ్మకు చదువు రాదు. అతడు ఇంతవరకే పైకి చదివి, కాగితం మడిచాడు. లెక్కలోని చివరి వాక్యం చదవలేదు.

నెలాఖరుకు సెంటినరీ కాలనీలోని కంపెనీ క్వార్టరు ఖాళీ చేయాలి. కమాన్‌పూర్ దారిలో ఆరేళ్ళ క్రితం ఈ ఇంటికి స్థలం కొన్ననాడు సారలమ్మ ఒక్కటే అడిగింది: "బ్లాస్టింగు ఇక్కడిదాంక వస్తదా?" రాదన్నాడు. ఆనాటికది నిజం. తర్వాత గని అంచు ఏటేటా ఇటే జరిగింది. ఎంత పేలుడు మందుకు ఎంత దూరం నేల కదులుతుందో అతడికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఆమెకు చెప్పవలసినది మాత్రం తానే చెప్పలేదు.

దుకాణం యజమాని టోనీ, కొమురెల్లితో పనిచేసిన ఒక గుమాస్తా కొడుకు. ఉత్తరాన్ని నిలబడే చదివాడు.

"కాకా, గింత ముద్దుగ రాసినవు. నాకు ఉత్తర్వులిచ్చే పవర్ ఉంటే ముందు నా పెండ్లానికి ఇద్దును."

"ఇచ్చి చూడు, అప్పుడు తెలుస్తది," అంది సారలమ్మ కుర్చీలో మోకాళ్ళు పట్టుకుంటూ.

టోనీ కాలిక్యులేటరు తీశాడు. "రెండడుగులనేది పేరుకే కాకా. పలక కొంచెం తక్కువుంటది. పెట్టెకు నాలుగు పలకలు, పదిహేనున్నర అడుగులే పట్టుకోవాలె." అంటూ కాగితం చివరికి వచ్చి ఆగాడు. "గిదేంది? పగుళ్ళ కింద నూటికి ఇరవై అయిదా? కటింగుకు, పగులుడుకు కలిపి ఎనిమిది రాస్తరు. ముప్పై ఒక్క పెట్టెలు సరిపోతయి. నువ్వు ముప్పై అయిదు అడుగుతున్నవ్. మేస్త్రీ మీద నమ్మకం లేదా?"

కొమురెల్లి నమూనా పలకను చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పి చూశాడు. వెనుక చూడవలసినది ఏమీ లేదు.

"మేస్త్రీ మంచోడే," అన్నాడు.

"మరి?"

"తర్వాత పగిలితే ఇదే రంగు దొరకదు గదా."

"అది నిజమే. ఒక బ్యాచు తీరు ఇంకొకటి ఉండది. కానీ ఉత్తగ ఎందుకు పగులుతయి కాకా? ఇల్లు కొత్తదాయె."

సారలమ్మ మోకాళ్ళు పట్టుకోవడం మానింది.

"నాకు చదివినప్పుడు గిది లేదు," అంది.

అతడు నమూనా పలకను బల్ల మీద పెట్టాడు. గనిలో మందు పెట్టాక సైరను మోగుతుంది. మోగాక ఎవరూ మాట్లాడరు. ముప్పై నాలుగేళ్ళు ఆ మౌనాన్ని తానే నడిపినవాడు ఇప్పుడు దానిలో నిలబడ్డాడు.

"మొన్న పూత చూడబోయిననాడు," అంది ఆమె నెమ్మదిగా, "పగటిపూట కిటికీ అద్దం గజగజలాడింది. బండి పోయిందన్నవు. బాటల ఏ బండీ లేదు."

"నువ్వు ఫికర్ చేస్తవని..."

"ఫికరు నీ ఒక్కనిదేనా?" ఆమె టోనీ వైపు తిరిగింది. "బిడ్డా, ముప్పై అయిదే రాయి. వంటగది గోడకు పలకలు అడుగుదామనుకున్న, అవి వద్దు."

"అక్కరలేదవ్వా, రెండిటికీ కొటేషను ఇస్త, చూస్కొని చెప్పుండ్రి," అన్నాడు టోనీ. అతని గొంతులో పరిహాసం లేదు. "మిగిలిన పెట్టెలు పండుకోబెట్టకుండ్రి. గోడకు నిలవెట్టి పెట్టుండ్రి. కింద చెక్కపలక వెయ్యాలె. మేస్త్రీకి చెప్పు కాకా, పలక కింద సందు లేకుంట నిండ పట్టించాలె. సందుంటే అదిరినప్పుడు అక్కన్నే పగులుతది."

టోనీ లోపలికి వెళ్ళి పెట్టె మీది బ్యాచు సంఖ్యను ఉత్తరం అంచున రాసుకొచ్చాడు.

బయట మెట్లు దిగేటప్పుడు సారలమ్మకు మోకాలు పట్టేసింది. కొమురెల్లి చేయి అందించాడు. ఆమె పట్టుకుంది, కాని అక్కడే ఆగింది.

"ఆ నాలుగు పెట్టెలు ఎన్నేండ్లకు సరిపోతయి? బ్లాస్టింగు మనిషివి, నీకు తెలుస్తది. ఈసారి మొత్తం చదివి చెప్పు."

కొమురెల్లి ఆమె చేయి వదలలేదు. గని అంచు నుంచి ఇంటికి ఉన్న దూరాన్ని, అది ఏటా తగ్గుతున్న కొలతను మనసులో పక్కపక్కన పెట్టుకున్నాడు.

"అయిదేండ్లు," అన్నాడు. "ఇంకా తక్కువ గూడ కావచ్చు."

ఆమె తలూపి, రెండో మెట్టు దిగింది.