అన్న తీయించిన తాళం

అమెరికాలోని బెంటన్‌విల్‌లో నేను సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టర్‌ని. ఒక పెద్ద షాపుల కంపెనీలో స్టోర్ సిబ్బంది వాడే మొబైల్ యాప్ మా టీమ్‌ది. మా లీడ్ తెలుగాయనే, నేను ‘అన్నా’ అని పిలిచేదాన్ని. ఆ పిలుపే నా కొంప ముంచింది. అన్న చాట్‌లో తెలుగులో ఒక ముక్క రాస్తే చాలు, పని చేసిపెట్టేదాన్ని. అదే మాట అందరికీ కనబడేలా పని నమోదయ్యే టికెట్‌లో ఇంగ్లీషులో రాయమని అడగడం అమర్యాద అనుకునేదాన్ని.

లాగిన్ నిలిచి ఉండటానికి ఫోన్‌లో ఒక రిఫ్రెష్ టోకెన్ ఉంటుంది. దాన్ని వాడగానే సర్వర్ కొత్తది ఇచ్చి పాతదాన్ని రద్దు చేస్తుంది. రద్దయినది మళ్లీ వస్తే దొంగ వచ్చాడనుకుని లాగిన్ మొత్తాన్నీ కొట్టేస్తుంది. యాప్ తెరవగానే మా హోమ్ స్క్రీన్ అదే టోకెన్‌తో ఒకేసారి రెండు రిక్వెస్టులు పంపేది. ఒకటి కొత్త టోకెన్ తెచ్చేదాకా రెండోది ఆగేలా నేను కోడ్‌లో ఒక తాళం పెట్టాను. స్క్రీన్ నెమ్మదిస్తోందని అన్న చాట్‌లో ఒక ముక్క రాసి దాన్ని తీయించాడు.

రిలీజైన వారానికి షాపుల్లో అందరూ పదేపదే లాగౌట్ అవుతున్నారు. తెలుగు రాని మా మేనేజర్ అడిగితే, అన్న నా వైపు చూడకుండానే, ఆ కోడ్ కాంట్రాక్టర్‌దని చెప్పాడు. నా కాంట్రాక్ట్ పొడిగింపు ఆ నెలలోనే తేలాలి. అది రాకపోతే ఉద్యోగం పోతుంది, ఆపైన వీసా మీద ఈ దేశంలో ఉండటానికి అరవై రోజులే. నాకు ఒళ్లు మండిపోయింది.

సోమవారం సర్వర్ నమోదు చేసుకున్న లాగ్స్ తీశాను. ఒకే టోకెన్ క్షణం తేడాలో రెండుసార్లు వచ్చింది, వెంటనే లాగిన్ రద్దయింది. అప్పుడే చెప్పొచ్చు. చెప్పలేదు. గురువారం మేనేజర్ ముందు అన్న డెమో ఉంది. నాలుగు రోజులు కడుపులో కత్తులు పెట్టుకుని, “కాఫీకి వెళ్దామా అన్నా?” అంటూ నవ్వుతూ తిరిగాను.

డెమోలో అన్న స్లైడ్లు చూపిస్తూ యాప్‌ని పావుగంట వదిలేశాడు. రిఫ్రెష్ టోకెన్‌తో తెచ్చుకునే, కాసేపే పనిచేసే యాక్సెస్ టోకెన్ గడువు తీరిపోయింది. తెరవగానే రెండు రిక్వెస్టులూ ఒకే టోకెన్‌తో వెళ్లి, లాగిన్ పేజీ వచ్చింది. నేను లేచి లాగ్స్ చూపించి, ఇది జరగకుండా ముందు తాళం ఉండేదని చెప్పాను. తాళం ఎందుకు తీశావని మేనేజర్ అడిగాడు. అన్న రాసిన మెసేజ్‌ని పెద్ద తెర మీద లాగ్స్ పక్కనే పెట్టాను.

“అన్నా, ఇది తెలుగులో ఉంది కదా. ఆయనకి మీరే చదివి చెప్పండి.”

“ఇప్పుడెందుకమ్మా ఇదంతా?” అన్నాడు మెల్లగా.

“చదవండన్నా.”

చదివాడు. ఆ తాళం తీసెయ్, అడిగితే నేను చూసుకుంటా అన్న తన మాటని తన నోటితోనే ఇంగ్లీషులో చెప్పాడు. చెవులు ఎర్రబడ్డాయి. నాకు కడుపు నిండింది.

మేనేజర్ తెర మీది లాగ్స్‌నే చూస్తున్నాడు. నేను ఆ ఫైలు తీసిన తేదీ పైనే ఉంది.

“ఇది నీకు సోమవారమే తెలుసా?” అన్నాడు.

తెలుసన్నాను. ఆయన ల్యాప్‌టాప్ మూసేశాడు. నా పొడిగింపు రాలేదు. అన్న ఇంకా అక్కడే లీడ్.