నల్ల బట్ట మీద సుద్ద గీత

పోయినవాటిని ముందు రాసుకుంటాను. ఒక జోడీదారు, అంటే అవే మగ్గాల మీద నాకు ఎదురు షిఫ్టు చేసే మనిషి. తొమ్మిదేళ్ల మాటలు. ఆదివారం పొద్దున బమ్రోలి పేటలో అతని గదిలో వదిన కాల్చిన సర్వపిండి, మనిషికి రెండు చొప్పున. వాళ్లు ఆ గది ఖాళీ చేసి పోయిన తర్వాత ఆ రుచి నాకు ఇంకెక్కడా దొరకలేదు. ఇంకా పోయినవి: అతని కూతురు నాకు గుజరాతీ అంకెలు నేర్పిన ఒక వేసవి, అతను నన్ను "లెక్కల సారు" అని ఎగతాళి చేసినప్పుడు షెడ్డంతా నవ్విన నవ్వు.

మాటలకు కూడా నా దగ్గర లెక్క ఉంది. మేము రోజుకు రెండుసార్లు, పొద్దున ఏడింటికీ సాయంత్రం ఏడింటికీ, షిఫ్టు మారేటప్పుడు పదేసి నిమిషాలు కలిసేవాళ్లం. నెలకు ఇరవై ఆరు రోజులు, ఏడాదికి పదకొండు నెలలు. తొమ్మిదేళ్లకు అది ఎనిమిది వందల యాభై ఎనిమిది గంటలు. రోజుల్లో చెప్పాలంటే ముప్పై ఆరు రోజులకు ఆరు గంటలు తక్కువ. తొమ్మిదేళ్ల స్నేహం అంతే అని మొదటిసారి లెక్క తేలినప్పుడు ఎక్కడో కూడిక తప్పానేమో అనుకుని మళ్లీ చేశాను. తప్పు లేదు.

ఆ పది నిమిషాల్లో మాట్లాడటమే కాదు, ఒక పని ఉండేది. మాకు ఎనిమిది మగ్గాలు. దిగిపోయేవాడు ఒక్కో మగ్గం మీద, అప్పటిదాకా నేసిన బట్టపై అడ్డంగా సుద్దతో గీత గీస్తాడు. గీతకు అవతలివి దిగేవాడి మీటర్లు, ఇవతలివి ఎక్కేవాడివి. గీసేటప్పుడు ఇద్దరూ పక్కపక్కన నిలబడాలి. దిగేవాడు తెగిన పోగులు అతికి పోవాలి, ఎక్కేవాడు చూసుకుని ఎక్కాలి. తర్వాత తాకా, అంటే నేసిన బట్ట చుట్ట, కోసి మడత బల్లకు పోతే, అక్కడ లోపం దొరికిన మీటర్లకు కూలి ఉండదు. గీతకు ఏ పక్కన దొరికితే వాళ్లకు కోత. ఆ గీతకు మించిన సాక్షి మా షెడ్డులో ఇంకొకటి లేదు.

నేను పెద్దగా చదువుకోలేదు. పాత క్యాలెండర్ల వెనుక గుణకారాలు చేస్తూ నేర్చుకున్నాను. అందుకే సేఠ్ అందరి మీటర్లు రాసే పని నాకు అప్పగించాడు. ఒక ఆదివారం కారఖానాల సంఘం వాళ్లు హాల్లో తగాదాలు తీర్చడం గురించి తరగతి పెట్టారు. మా షెడ్డు మాస్టర్ వెళ్లాలి. ఆయన బద్ధకించి, "లెక్కలు రాసేటోనివి, నువ్వు పో. భోజనం పెడ్తరంట" అని నన్ను పంపాడు.

చెప్పింది ఒక ముసలి గుజరాతీ బెన్. ఒకప్పుడు మిల్లులో కార్మికుల సమస్యలు చూసేదట. ఆమె బోర్డు మీద ఒక చదరం గీసింది. నిలువు గీత, మన పని మనకు ఎంత ముఖ్యమో. అడ్డ గీత, ఎదుటివాడి పని మనం ఎంత పట్టించుకుంటామో. రెండూ తక్కువైతే కింది ఎడమ మూల, అది తప్పుకోవడం. ఎదుటివాడిదే చూసి మనది వదిలేస్తే కింది కుడి మూల, తగ్గడం. మనదే చూస్తే పై ఎడమ మూల, పట్టుబట్టడం. రెండూ నిండుగా ఉంటే పై కుడి మూల, ఇద్దరూ కూర్చుని ఇద్దరికీ సరిపోయేది వెతకడం. నడుమ ఉన్నది, ఇద్దరూ కొంత కొంత వదులుకోవడం.

నాకు ఆ బొమ్మ ఎంత నచ్చిందో చెప్పలేను. తగాదాకు కూడా లెక్క ఉందని ఎవరూ అంతకుముందు చెప్పలేదు. నోటుబుక్కులో ఆ రెండు గీతలనూ పదేసి గడులు చేసి అంకెలు కూడా పెట్టుకున్నాను. నడుమది అయిదూ అయిదూ. సగటు అంటే నాకు మొదటి నుంచీ గౌరవం. నడుమ ఉన్నదే సరైన జవాబు అయి ఉంటుందనుకుని దాని చుట్టూ రెండుసార్లు సున్నా చుట్టాను. బెన్ ఆ తర్వాత కూడా ఏదో చెప్పింది. అప్పటికి భోజనాల వాసన వస్తోంది.

మర్నాడు పొద్దున జోడీదారుకు ఆ చదరం చూపించాను. అతను నాకంటే నాలుగేళ్లు పెద్ద, మా పక్క ఊరి నుంచి నాలాగే ఇక్కడికి వలస వచ్చినవాడు.

"ఏంది తమ్మీ, గిది అష్టాచెమ్మా పటమా?"

"కాదన్నా, కొట్లాటలు తెంపే పటం."

"మరి మీ వదినతోటి కొట్లాటైతే ఏ మూలకు పోవాలె?"

"కింది కుడి మూలకు."

"గక్కడ్నే ఉన్న గదా ఇరవయ్యేండ్ల సంది!" అన్నాడు. పక్క మగ్గాలవాళ్లు ఆ మోతలో కూడా విని నవ్వారు.

ఆ పటం పనికిరాలేదని చెప్పను. ఒకసారి ఇద్దరు ఫ్యాను కింది చోటు కోసం కాలర్లు పట్టుకుంటే ఏమీ అనకుండా బయటికి వెళ్లి టీ తాగి వచ్చాను. వేడి దిగాక వాళ్లే సర్దుకున్నారు. ఇంకోసారి ఒకడు మగ్గాన్ని తిప్పే పట్టాకు అడ్డంగా ఉండే జాలీ తీసేసి మగ్గం నడుపుతుంటే ఎవరినీ అడగకుండా మెయిన్ స్విచ్ దించేశాను. వాడు తిట్టాడు, మాస్టర్ అరిచాడు, నేను కదల్లేదు. జాలీ బిగించాకే స్విచ్ ఎత్తాను. వేలు పోయే చోట సగం సగం ఉండదని ఆ రోజు నాకు ఎవరూ చెప్పకుండానే తెలిసింది. దగ్గరి మనిషి దగ్గరే తెలియలేదు.

మొదటి నుంచీ మేము పదిహేను రోజులకోసారి షిఫ్టులు మార్చుకునేవాళ్లం. ఒక రోజు అతను, "తమ్మీ, ఇగ పగలు నాకే ఇయ్యరాదు. రాత్రి నాతోని అయితలేదు" అన్నాడు. అంతగా అడుగుతున్నాడు కదా అని తగ్గాను. పగలు అతనికి, రాత్రి నాకు. ఎందుకని అడగలేదు. ఇచ్చాను కదా అని నాలో నేనే సంతోషపడ్డాను.

తర్వాత సేఠ్ ఒక ఆర్డరు కోసం నల్ల పోగు చుట్టిన బీములు మగ్గాలకు ఎక్కించాడు. నల్ల పోగు తెగితే కనిపించదు. ఏడో నంబరు, ఎనిమిదో నంబరు మగ్గాలు గోడ మూలన ఉండేవి, అక్కడ ట్యూబులైటు పగలు కూడా మిణుకుమిణుకుమనేది. ఆ రెండింటి మీద, తెగిన పోగు అతకని చోటల్లా, నిలువు చారలు మొదలయ్యాయి. అతని షిఫ్టు చివర తెగిన పోగు గీత దాటి నా వైపుకూ వచ్చేది. ఎంత అతనిది, ఎంత నాది?

నేను ఆలోచించలేదు. నడుమ సున్నా చుట్టిన జవాబు సిద్ధంగా ఉంది. "సగం నీకు, సగం నాకు" అని రాశాను. మొదటిసారి అతను, "సగమంటే మంచిదే" అన్నాడు. నాలుగోసారికి గీత గీసి నా ముఖం చూడకుండానే పోయాడు. పది నిమిషాల మాటలు రెండు నిమిషాలయ్యాయి. నేను మాత్రం న్యాయంగా ఉన్నానని నమ్మాను. అయిదు నెలలు అట్లాగే గడిచాయి.

ఒక శనివారం సాయంత్రం మడత బల్ల నుంచి ఒకేసారి ఆరు మీటర్ల చార పడిందని కబురు వచ్చింది. అతను సుద్ద పట్టుకుని ఏడో మగ్గం దగ్గర నిలబడి ఉన్నాడు.

"తమ్మీ, ఈసారి సగం రాయకు. జర ఆగు. నీతోని ఒక మాట చెప్పేదుంది."

"మగ్గాలు ఆగినయన్నా. మూడు నీకు, మూడు నాకు. అయిపాయె."

"అయిపాయెనా? ఎవని తప్పో సూడవు, ఎందుకైతున్నదో అడుగవు. కత్తెర పట్టుకుని నడుమకు కోసుడేనా నీ లెక్క?"

"మొత్తం నేనే పెట్టుకోవాలెనా మరి?"

"నేను అడిగింది గదేనా?" అన్నాడు. మాస్టర్ అటే వస్తున్నాడు. అతను మాస్టర్ వైపు చూసి నోరు మూసుకున్నాడు. "మంచిది, మూడు రాస్కో" అని ఎనిమిది గీతలూ వరసగా గీసి, చేతులకంటిన సుద్ద లుంగీకి తుడుచుకుని వెళ్లిపోయాడు. సోమవారం రాలేదు. ఇచ్ఛాపూర్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో సంచులు ఎత్తే పనికి చేరాడని వారానికి తెలిసింది. నెలలోపే బమ్రోలి గది కూడా ఖాళీ చేశారు. మా షెడ్డులో అతనంత చక్కగా పోగు అతికే చేయి ఇంకొకటి లేదు.

అతని చోట యాభై ఏళ్ల ఒడియా మనిషి వచ్చాడు. మొదటి రోజే ఏడో మగ్గం ముందు జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. పైకి చూసి, "భాయ్, యే ట్యూబ్ బదల్‌వా దో" అన్నాడు. నేను స్టూలు ఎక్కి ట్యూబు మార్చాను. పావుగంట పట్టింది. చారలు ఆగిపోయాయి.

స్టూలు మీద ఉండగానే నాకు అర్థమైంది. రాత్రి షిఫ్టు ఎందుకు వద్దన్నాడో, చివరి దినాల్లో సుద్ద గీత గీయడానికి ముఖం బట్టకు ఎందుకు అంత దగ్గరగా పెట్టేవాడో. చూపు తగ్గిందని మాస్టర్ చెవిన పడితే తీసేస్తారని భయం. నాకొక్కడికే చెప్పాలనుకున్నాడు. ఒక ఆదివారం కూర్చుని అడిగి ఉంటే అద్దాలూ, ట్యూబూ, చివరి రెండు మగ్గాలు నేను ఎక్కగానే ముందు చూసుకోవడమూ, అన్నీ తేలేవి. ఇద్దరిలో ఎవరికీ కోత పడేది కాదు.

ట్యూబు మార్చిన ఆ వారమే, ఆదివారం నాడు, పాత నోటుబుక్కు తీశాను. భోజనాల వాసనలో గిలికిన వంకర అక్షరాలు ఒక మూల ఉన్నాయి: "టైము లేనప్పుడు నడుమది. మళ్లీ మళ్లీ వచ్చే తగాదాకు పై కుడి మూల. ఎందుకు అని అడగాలి." రాసింది నేనే. చదవలేదంతే.

అప్పుడు, అయిదు నెలల ముందే చేయాల్సిన లెక్క చేశాను. మడత రిజిస్టరులో ప్రతి చార ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ఉంటుంది, మా గీతలు ఎక్కడెక్కడ పడ్డాయో నా పుస్తకంలో ఉంటుంది. మొత్తం అరవై నాలుగు మీటర్లు. ఒక్కొక్కరికి ముప్పై రెండు రాశాను. గీతకు అతని వైపున్నవి పద్దెనిమిదే. నలభై ఆరు నా వైపువి. తెగిన పోగును అతను చూడలేకపోయాడు. నేను చూడగలిగి కూడా చివరి మగ్గాల దగ్గరికి తీరికగా వెళ్లేవాడిని. సగం అనే మాట నా ఆలస్యాన్ని కూడా కప్పేసింది.

ఒక సెలవు రోజు ఇచ్ఛాపూర్ వెళ్లాను. గేటు బయట టీ బండి దగ్గర కలిశాడు. ముక్కు మీద నల్ల ఫ్రేము అద్దాలు. వదిన బాగుంది, కూతురు కాలేజీకి పోతోంది. కాగితం విప్పి మొత్తం చెప్పాను. ఓపికగా విన్నాడు.

"తప్పు నాదన్నా. మాస్టర్‌తోని నేను మాట్లాడ్త. అద్దాలున్నయి గదా, మళ్ల మగ్గాల మీదికి రా."

"వద్దు తమ్మీ. ఈడ సంచి ఎత్తితే ఒకటి, దించితే ఒకటి. గీతలు లేవు."

"పోనీ నీ మీటర్లన్న తీస్కో."

"మీటర్లు ఏం జేస్కోవాలె, చొక్కా కుట్టించుకోవాల్నా?" అని నవ్వాడు. ఆ నవ్వు పాతదే.

"ఆ శనివారం ఏం చెప్దామనుకున్నవన్నా?"

గ్లాసు కింద పెట్టి గేటు వైపు చూశాడు. "యాది లేదురా" అన్నాడు. ఉందని ఇద్దరికీ తెలుసు. టీ డబ్బులు నన్ను ఇవ్వనీయలేదు.

నోటుబుక్కులో అతని పేజీ ఇంకా కొట్టేయలేదు. నా కూలిలో కోయాల్సినవి, అతని కూలిలో కోసినవి: పద్నాలుగు మీటర్లు.